రెండు బటన్ల ఫ్లష్, తక్కువ ధార నల్లాలు: నాలుగేళ్లు వాడిన తర్వాత లెక్క

హైదరాబాదులో మాది రెండంతస్తుల సొంత ఇల్లు. ఉండేది ఐదుగురం. మునిసిపల్ నీరు రోజు విడిచి రోజు వస్తుంది, మిగతా అవసరానికి బోరు ఉంది, ఎండాకాలంలో ఆ బోరు తగ్గినప్పుడు ట్యాంకరు తప్పదు. నాలుగేళ్ల కిందట స్నానాల గదులు బాగుచేయించినప్పుడు పాత 10 లీటర్ల ఫ్లష్ ట్యాంకులు తీసేసి, 6 లీటర్లు, 3 లీటర్లు వదిలే రెండు బటన్ల ట్యాంకులు పెట్టించాము. వాష్‌బేసిన్లకూ వంటింటి సింకుకూ ధారను తగ్గించే ఏరేటర్లు బిగించాము. వీటివల్ల ఎంత నీరు మిగిలిందో తెలుసుకోవడానికి కంపెనీ కాగితంపై ఉన్న అంకెలు సరిపోవు. ఇంట్లో కొలిచి చూస్తేనే తెలుస్తుంది.

ఫ్లష్‌ను కొలవడం తేలిక. ట్యాంకు కింద ఉండే యాంగిల్ కాక్ మూసి, లోపల నీటిమట్టం దగ్గర పెన్సిలుతో గీత గీసి, బటన్ నొక్కి, తర్వాత లీటరు మగ్గుతో ఆ గీత వరకు నీరు పోస్తూ లెక్కపెట్టాలి. మా ఇంట్లో పెద్ద బటన్‌కు 6 లీటర్లే వచ్చాయి గానీ, చిన్న బటన్‌కు మూడు కాక దాదాపు మూడున్నర వచ్చాయి. లోపలి వాల్వుకు ఉన్న చిన్న ఫ్లోటు ఏ ఎత్తున ఉందన్న దానిపై ఇది ఆధారపడుతుంది. దాన్ని పైకి జరిపితే తగ్గుతుంది, మరీ జరిపితే టాయిలెట్ బేసిన్ సరిగా కడగదు. మేము మూడున్నర దగ్గరే ఉంచాము.

ఇక కాగితం లెక్క ప్రకారం రోజుకు 20 ఫ్లష్‌లు అనుకుంటే, పాత ట్యాంకుకు 200 లీటర్లు కావాలి. అందులో ఆరు పెద్దవి, పద్నాలుగు చిన్నవి అయితే కొత్తదానికి 78 లీటర్లు చాలు, అంటే 122 లీటర్ల ఆదా. మన ఇళ్లలో ఈ లెక్క నిలవదు. మూత్రవిసర్జన తర్వాత ఫ్లష్ నొక్కకుండా రెండు మగ్గుల నీళ్లు పోసే అలవాటు మనలో చాలామందికి ఉంది. మా ఇంట్లో ఆ పద్నాలుగింటిలో సగం అలాగే గడిచేవి కనుక, పాత ఖర్చు నిజానికి 144 లీటర్ల దగ్గర ఉండేది. కొత్త ట్యాంకు వచ్చాక, చిన్న బటన్ ఉంది కదా అని అందరూ ప్రతిసారీ దాన్నే నొక్కుతున్నారు. పెద్దవి 36, చిన్నవి 49, కలిపి 85 లీటర్లు. ఒక్కోరోజు పెద్ద బటన్‌ను రెండోసారి నొక్కాల్సి వస్తుంది. దానికి మరో 6 కలిపితే మిగిలేది 53 లీటర్లు. కాగితం మీద చూపిన దానిలో సగం కూడా కాదు, అయినా చిన్న మొత్తమేమీ కాదు.

ఇక్కడ కొనేవారు చూడవలసిన విషయం ఒకటి ఉంది. ఆస్ట్రేలియాలో 1980లో కరోమా కంపెనీకి చెందిన బ్రూస్ థాంప్సన్ తీసుకొచ్చిన తొలి రెండు బటన్ల ట్యాంకు 11 లీటర్లు, 5.5 లీటర్లు వదిలేది. అది 6, 3 లీటర్లకు దిగడానికి 1993 దాకా పట్టింది, ఎందుకంటే అంత తక్కువ నీటితో శుభ్రపడాలంటే కింద ఉన్న బేసిన్ ఆకారం కూడా మారాలి. పది లీటర్ల నీటికోసం తయారైన పాత బేసిన్ అలాగే ఉంచి, పైన ట్యాంకు మాత్రం మారిస్తే రెండుసార్లు నొక్కడం రోజువారీ పని అవుతుంది, ఆదా అక్కడే పోతుంది. మార్చదలచుకుంటే రెండూ కలిపి మార్చాలి.

నల్లాల విషయంలో అసలు చిక్కు ఒత్తిడి. ఏరేటరుపై రాసే లీటర్లు సాధారణంగా 3 బార్ ఒత్తిడి దగ్గర కొలిచినవి. అంటే నీరు 30 మీటర్ల ఎత్తు నుంచి దిగినప్పటి లెక్క. మన డాబా మీది ట్యాంకు అంత ఎత్తున ఉండదు. మా కింది అంతస్తు నల్లాకు ట్యాంకు నాలుగున్నర మీటర్ల ఎత్తులో ఉంది, పై అంతస్తుకు ఒకటిన్నర మీటర్లే. నిమిషానికి 8 లీటర్లు అని రాసిన ఏరేటరు కింద దాదాపు 3 లీటర్లు, పైన రెండుకంటే తక్కువ ఇచ్చింది. పైన ధారలో గాలి బుడగలు కూడా కలవలేదు, సన్నగా కారింది. అక్కడ నల్లా ధార ముందునుంచే సన్నన కనుక దాన్ని తీసేశాము. కింది వాష్‌బేసిన్‌లో మాత్రం బాగా పనికొచ్చింది. అంతకుముందు 9 లీటర్లు వచ్చేది, చేతులు కడుక్కోవడానికి, పళ్లు తోముకోవడానికి మూడు చాలు. అందరం కలిపి రోజుకు పది నిమిషాలు తెరిస్తే 90 లీటర్లు పోయే చోట, ధార సన్నబడినందుకు కొంచెం ఎక్కువసేపు తెరిచినా 50 దాటడం లేదు.

వంటింట్లోనూ మొదట అదే 8 లీటర్లది బిగించాము. గిన్నెలు తోమే ఆమె రెండో రోజే, "ఈ నల్లాకు ధార లేదమ్మా, గిన్నెకున్న సబ్బు పోతలేదు" అన్నారు. ఆమె మాట నిజం. దాన్ని తీసి, 15 లీటర్లు అని రాసిన దాన్ని పెడితే మా ఒత్తిడికి 6 లీటర్ల దగ్గర వచ్చింది. ముందు 10 లీటర్ల ధారతో ఇరవై నిమిషాలు పట్టే పని ఇప్పుడు పాతిక నిమిషాలు పడుతోంది: 200కు బదులు 150 లీటర్లు. బిందె, బకెట్ నింపే చోట ఏరేటరు పెట్టడం వృథా. బకెట్‌కు పట్టే నీరు మారదు, నిలబడే సమయం మాత్రం పెరుగుతుంది. బకెట్ స్నానం చేసే మా ఇంట్లో స్నానపు నీటిలో చుక్క కూడా మిగలలేదు.

మూడూ కలిపితే రోజుకు 140 లీటర్ల పైన, నెలకు దాదాపు 4,300 లీటర్లు. ఒక 5,000 లీటర్ల ట్యాంకరుకు కొంచెం తక్కువ.

ఈ ఆదాను తినేసేది లీకేజీ. రెండు బటన్ల ట్యాంకులో నీటిని ఆపేది వాల్వు అడుగున ఉండే ఒక రబ్బరు వాషరు. బోరు నీటిలోని సున్నం దాని అంచున పేరుకుంటే అది సరిగా కూర్చోదు, నీరు చప్పుడు లేకుండా బేసిన్ గోడ వెంట జారిపోతుంది. రెండో ఏడు మోటారు తరచుగా వేయవలసి రావడంతో మాకు అనుమానం వచ్చింది. రాత్రి యాంగిల్ కాక్ మూసి పెన్సిలు గీత పెడితే, ఆరు గంటల్లో 5 లీటర్లు తగ్గింది. రోజుకు 20 లీటర్లు, అంటే ఫ్లష్‌లో మిగిలినదానిలో మూడోవంతుకు మించి. కంటికి కనబడే సన్నని ధార అయితే, ఐదు నిమిషాలకు ఒక లీటరు చొప్పున పోయినా రోజుకు 288 లీటర్లు. పాత ట్యాంకే నయం. గీత పెట్టడం కుదరకపోతే ట్యాంకులో బట్టల నీలిమందు కొంచెం కలిపి, అరగంట ఎవరూ నొక్కకుండా చూడండి. బేసిన్‌లో నీలం కనబడితే వాషరు పోయినట్టే.

ఏరేటరు జల్లెడలోనూ అదే సున్నం చేరుతుంది. రెండు మూడు నెలలకోసారి విప్పి నిమ్మఉప్పు కలిపిన నీటిలో గంటసేపు నానబెడితే వదులుతుంది; యాసిడ్ వాడితే పైపూత పోతుంది. వాషరు మాత్రం శుభ్రం చేసినా కొద్దినెలలే ఆగింది, చివరకు మార్చాల్సి వచ్చింది. ఒక మోడల్ వాషరు మరోదానికి సరిపోదు కనుక, ట్యాంకు కొనేటప్పుడే ఆ మోడల్ వాషర్లు రెండు అదనంగా తీసుకోవడం మంచిది. గోడ లోపల దాగే ట్యాంకు అయితే బటన్ల పలక విప్పి ఆ సందులోంచే వాల్వు బయటకు తీయగలమో లేదో షాపులోనే చేయించి చూడాలి.