నేకెడ్ స్ట్రాడిలా, హెడ్జ్ పెట్టినదా: ఏది మేలు?

కర్నూలు పాతబస్తీలో బట్టల కొట్టు నడిపే తమ్ముడొకడు ప్రతి మంగళవారం, అంటే నిఫ్టీ వీక్లీ ఆప్షన్ల గడువు తీరే ఎక్స్‌పైరీ రోజు, పొద్దున నిఫ్టీ ఏ స్ట్రైక్ దగ్గరుంటే ఆ కాల్, పుట్ రెండూ అమ్ముతాడు. స్ట్రాడిల్ అంటే ఇదే. నష్టానికి అడ్డుగా వేరే ఆప్షన్లేవీ కొనకపోతే అది నేకెడ్ స్ట్రాడిల్, కొంటే హెడ్జ్ పెట్టినది. "సాయంత్రానికి ప్రీమియం కరిగిపోతాందన్నా, వారం వారం డబ్బులు వస్తానే ఉండాయి" అంటాడు. మాట నిజమే. నా భయం అదే.

లెక్క కోసం నిఫ్టీ 25,000 దగ్గర ఉందనుకుందాం. కాల్ 60, పుట్ 55, మొత్తం 115 పాయింట్లు. లాట్‌కు 65 యూనిట్లు. లాభనష్టాలు కలిపి వారానికి సగటున 25 పాయింట్లు మిగిలినా 1,625 రూపాయలు, 12 వారాలకు 19,500. 13వ వారం నిఫ్టీ 500 పాయింట్లు పడిందనుకోండి. పుట్‌కు 500 ఇవ్వాలి, వచ్చింది 115. పోయేది 385 పాయింట్లు, అంటే 25,025 రూపాయలు. మూడు నెలల సంపాదన పోగా, జేబులోంచి ఇంకో 5,525. ఇంత పతనం ఊహ కాదు. ఎక్స్‌పైరీ కాకపోయినా, ఎన్నికల ఫలితాలొచ్చిన 2024 జూన్ 4న నిఫ్టీ 1,379 పాయింట్లు పడింది.

స్టాప్‌లాస్ ఉంది కదా అంటారు. కానీ ఇండెక్స్ ఆప్షన్లలో మార్కెట్ ధరకు స్టాప్‌లాస్ పెట్టనివ్వరు. ట్రిగ్గర్‌తో పాటు లిమిట్ ధర కూడా ఇవ్వాలి. పుట్‌కు 90 ట్రిగ్గర్, 95 లిమిట్ పెట్టారనుకోండి. ధర ఒక్క ఊపున 88 నుంచి 130కి దూకితే ఆర్డర్ 95 దగ్గర పెండింగ్‌లోనే ఉండిపోతుంది. ఆ సమయానికి తమ్ముడు కౌంటర్ మీద చీరలు పరిచి చూపిస్తుంటాడు, ఫోన్ గల్లాపెట్టె పక్కన ఉంటుంది.

ఇక రెండో దారి. అదే స్ట్రాడిల్ అమ్మే ముందు 25,200 కాల్, 24,800 పుట్ కొనడం. రెండింటికీ 16 పాయింట్లు ఖర్చయితే చేతికొచ్చేది 99. నిఫ్టీ ఎంత పడినా నష్టం 101 పాయింట్లు దాటదు, అంటే 6,565 రూపాయలు. లాభం మాత్రం బాగా తగ్గుతుంది. వారానికి 12 పాయింట్లు మిగిలినా 12 వారాలకు 9,360 రూపాయలే. అయినా ఆ చెడ్డ వారం తర్వాత 2,795 మిగులుతుంది. కొట్టు చూసుకుంటూ ట్రేడ్ చేసేవాళ్లకు నా ఓటు దీనికే.

ఇందులోనూ రెండు చోట్ల దెబ్బ తింటారు. హెడ్జ్ ఉంటే మార్జిన్ తగ్గుతుంది కదా అని ఒకటికి మూడు లాట్లు వేస్తే గరిష్ఠ నష్టం 19,695 అవుతుంది. రెండోది, మధ్యాహ్నం రెండింటికి మార్కెట్ కదలకపోతే కొన్న ఆప్షన్లలో మిగిలిన రెండు మూడు రూపాయలైనా రాబట్టుకుందామని ముందు వాటిని అమ్మేస్తారు. మిగిలేది నేకెడ్ స్ట్రాడిలే, అదీ చివరి గంటన్నరలో. బయటికొచ్చేటప్పుడు ముందు అమ్మినవి తిరిగి కొనాలి, ఆ తర్వాతే హెడ్జ్ తీసేయాలి.