విడివిడిగా బాగానే ఉన్నాయి, కలిసి పనిచేయవు: ఇయర్‌బడ్స్ సెట్ మార్చి ఇవ్వండి

విక్రేత గారికి,

ఎండాకాలం ముందు మీ దగ్గర ఆన్‌లైన్‌లో కొన్న ఇయర్‌బడ్స్ గురించి ఈ ఫిర్యాదు. వారంటీ ఇంకా ఉంది. ఇన్ని నెలల్లో ఈ రెండు బడ్స్ ఒక్కసారి కూడా జత కలవలేదు. ఫోన్‌తో కలవడం లేదని కాదు, ఒకదానితో ఒకటి కలవడం లేదు. మీ కస్టమర్ కేర్ వాళ్లకి ఈ తేడా ఎన్నిసార్లు చెప్పినా ఎక్కలేదు కాబట్టి ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

మామూలుగా కేస్ మూత తీయగానే రెండు బడ్స్ ముందు తమలో తాము కలుస్తాయి. ఒకదాని లైటు ఆరిపోతుంది, రెండోది మాత్రమే ఫోన్ కోసం వెలిగి ఆరుతూ ఉంటుంది. బ్లూటూత్ లిస్టులో ఒకే పేరు కనిపిస్తుంది. నా వాటిలో రెండు లైట్లూ చివరిదాకా అలా కొట్టుకుంటూనే ఉంటాయి. లిస్టులో ఒకే పేరు రెండుసార్లు వస్తుంది. ఒకటి నొక్కితే కుడి చెవిలో పాట, రెండోది నొక్కితే కుడిది ఆగిపోయి ఎడమ చెవిలో పాట. వేరే ఫోన్‌లోనూ, ఆఫీసు ల్యాప్‌టాప్‌లోనూ ఇదే తంతు. అంటే నా ఫోన్‌ది తప్పు కాదు.

మీవాళ్లు చెప్పినవన్నీ చేశాను. ఫోన్‌లో పాత పేర్లు తీసేసి, రెండు బడ్స్‌నీ కేస్‌లో పెట్టి, బటన్ నొక్కి పట్టుకుని రీసెట్ చేశాను. పిన్నులు పొడిగుడ్డతో తుడిచాను. పిన్ను సరిగా తగలకపోతే బడ్‌కి తాను కేస్‌లో ఉందో బయట ఉందో తెలియదు, అప్పుడు రీసెట్ కూడా అవ్వదు. కానీ నావి కేస్‌లో పెట్టగానే రెండింటికీ ఎర్ర లైటు వస్తుంది, ఛార్జింగూ నిండుతుంది. కాబట్టి అదీ కాదు.

తర్వాత సర్వీస్ సెంటర్‌కి పంపాను. "లోపం ఏమీ లేదు" అని చీటీ పెట్టి తిప్పి పంపారు. అక్కడే నాకు ఒళ్లు మండింది. ఒక్కో బడ్‌ని విడిగా ఫోన్‌కి కలిపి పాట వినిపిస్తే ఓకే రాసేశారని నా అనుమానం. విడిగా చూస్తే రెండూ నిక్షేపంగానే ఉంటాయి మరి! రెండు ఎద్దులూ బాగానే ఉన్నాయంటే సరిపోతుందా, కాడికి కట్టి చూడొద్దా?

అసలు సంగతి మా ఆఫీసులో తేలింది. నాతో పనిచేసే ఒకాయన దగ్గర ఇదే మోడల్ ఉంది. బతిమాలి ఆయన సెట్ తీసుకున్నాను. "నావి కూడా పాడుచేయకండి సార్" అంటూ ఆయన పక్కనే నిలబడ్డాడు. ఆయన ఎడమ బడ్‌ని నా కుడి బడ్‌తో కలిపి నా కేస్‌లో పెట్టి రీసెట్ చేస్తే వెంటనే ఒక లైటు ఆరిపోయింది, ఒకే పేరు వచ్చింది, రెండు చెవుల్లోనూ పాట మోగింది. నా ఎడమ బడ్‌ని ఆయన కుడి బడ్‌తో ఆయన కేస్‌లో పెడితే మళ్లీ రెండు లైట్లు, రెండు పేర్లు. అంటే నా కేస్ బాగుంది, కుడిది బాగుంది, గొడవంతా ఎడమ బడ్‌దే. ఆయనవి ఆయనకి మళ్లీ రీసెట్ చేసి ఇస్తే మామూలుగానే కలిశాయి లెండి.

కొన్న కొత్తలో ఛార్జింగ్ చాలాసేపు వస్తుందని మీ పేజీలోనే మెచ్చుకుంటూ రాశాను. ఇప్పుడు ఆలోచిస్తే, ఒకటి చెవిలో ఉంటే రెండోది కేస్‌లో ఛార్జ్ అవుతూ ఉండేది. రెండూ కలిపి వాడితే ఎంతసేపు వస్తుందో నేను చెప్పలేను. సౌండ్ బాగుందన్న మాటా ఒక్కో చెవికే వర్తిస్తుంది. ఇంట్లో పని చేసుకుంటూ ఫోన్లు మాట్లాడేవాళ్లకి ఒక బడ్ చాలేమో. నేను రోజూ తెనాలి నుంచి విజయవాడకి రైల్లో వెళ్తాను. ఆ చప్పుడులో ఒక చెవి ఖాళీగా ఉంటే పాట సగం కూడా వినపడదు. మా ఆఫీసాయన సెట్ బాగుంది కాబట్టి మోడల్ మొత్తాన్ని తిట్టను.

నాకు కావలసింది ఇది. ఒక్క ఎడమ బడ్ పంపొద్దు, అదీ దీనితో కలవకపోతే మళ్లీ మొదటికొస్తాం. సీల్ ఉన్న కొత్త సెట్ పంపండి. వెనక్కి తీసుకున్నాక పరీక్షించేవాళ్లకి ఒకే మాట చెప్పండి: రెండింటినీ కలిపి రీసెట్ చేసి, లిస్టులో ఎన్ని పేర్లు వస్తున్నాయో చూడమనండి. వీడియో జత చేశాను.

2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం లోపమున్న వస్తువు వెనక్కి తీసుకోనని మీరు అనకూడదు. ఫిర్యాదు అందినట్టు గ్రీవెన్స్ ఆఫీసర్ 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. ఈసారీ "లోపం లేదు" అని చీటీ వస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను. పికప్ మాత్రం ఆదివారం పెట్టండి, మిగతా రోజుల్లో ఇంట్లో ఎవరూ ఉండరు.