టీ గ్లాసు అడుగు ఎందుకు ఊడుతుంది? బోరోసిలికేట్, టెంపర్డ్ వాడి చూశాక

భీమవరంలో టీ కొట్లో టెంపర్డ్ గ్లాసులు, ఇంట్లో బోరోసిలికేట్ జగ్గు చాలాకాలంగా వాడకంలో ఉన్నాయి. రెండింటి డబ్బాల మీదా వేడికి తట్టుకుంటుందనే రాసి ఉంటుంది గానీ, తట్టుకునే తీరు వేరు.

ముందు మామూలు గాజు సంగతి. గాజులో వేడి నెమ్మదిగా పాకుతుంది. టీ పోయగానే లోపలి పొర వేడెక్కి పెరగబోతుంది, బయటి పొర ఇంకా చల్లగానే ఉంటుంది. దాంతో బయటి పొర మీద లాగుడు పడుతుంది. గాజు నొక్కుడును బాగా ఓర్చుకుంటుంది, లాగుడును ఓర్చుకోదు. బయట సన్న గీత ఉన్నచోట చిట్లుతుంది. మందం గ్లాసైతే ఈ తేడా ఇంకా ఎక్కువ, ఇంకా ఎక్కువసేపు నిలుస్తుంది. అందుకే దళసరి అడుగు, పల్చటి గోడ కలిసేచోట గుండ్రంగా తెగి, అడుగు ఊడి బల్ల మీద మిగిలిపోతుంది. ముందుగా వేడినీళ్లతో తొలిపి పోస్తే ఈ బెడద చాలావరకు తప్పుతుంది.

7 సెంటీమీటర్ల అడ్డుకొలత గ్లాసు చుట్టుకొలత 22 సెంటీమీటర్లు. 30 డిగ్రీల గ్లాసు 90 డిగ్రీలకు చేరితే మామూలు గాజు చుట్టుకొలత సుమారు 0.12 మిల్లీమీటర్లు పెరుగుతుంది. బోరోసిలికేట్‌ది 0.04 మాత్రమే. దాని బలమంతా ఇదే: బోరాన్ ఆక్సైడ్ కలిసిన గాజు అసలే తక్కువ పెరుగుతుంది, కాబట్టి లాగుడూ తక్కువ. దెబ్బకు మాత్రం ప్రత్యేకమైన బలమేమీ లేదు. కుళాయికి తగిలితే పొడుగాటి పదునైన పెంకులవుతుంది.

టెంపర్డ్‌ది ఎక్కువగా మామూలు గాజే. సుమారు 620 డిగ్రీలకు కాల్చి, గాలి కొట్టి పైపొరలను ఒక్కసారిగా చల్లారుస్తారు. లోపలిది తర్వాత చల్లారి ముడుచుకుంటూ పైపొరలను నొక్కి పట్టేస్తుంది. వేడి తెచ్చే లాగుడు ముందు ఆ నొక్కుడును దాటాలి. కొట్లో గ్లాసులు ఒకదానికొకటి కొట్టుకున్నా నిలబడడానికి కారణం ఇదే. గీత ఆ పైపొరను దాటి లోపలికి దిగిందా, గ్లాసు మొత్తం ఒకేసారి చిన్న ముక్కలవుతుంది. ఒక్కోసారి ఎవరూ ముట్టుకోకుండానే.

కనుక ఇసుకతో తోమొద్దు. ఇసుక గాజుకన్నా గట్టిది. కొబ్బరి పీచు, సబ్బు చాలు. మన దగ్గర పీచుకు కొదవేముంది! వేడి జగ్గును మాత్రం చన్నీళ్ల తొట్టిలో ముంచకండి. అప్పుడు లాగుడు చల్లబడిన పైపొర మీదే నేరుగా పడుతుంది, గీతలుండేదీ అక్కడే.

టీ కొట్టుకు టెంపర్డ్, డికాక్షన్ జగ్గుకు బోరోసిలికేట్ కొనమంటాను. జగ్గును పొయ్యి మీద పెట్టాలంటే దాని మీద ఆ మాట స్పష్టంగా రాసి ఉండాలి. టెంపర్డ్ అని అమ్మినదాని మీద అనుమానముంటే మొబైల్ తెర తెల్లగా వెలిగించి, దాని ముందు గ్లాసు పెట్టి, పోలరైజ్డ్ చలువ కళ్లద్దాలను తిప్పుతూ చూడండి. టెంపర్డ్ అయితే సాధారణంగా రంగుల చారలో, నల్లమచ్చలో బాగా కనిపిస్తాయి.