ఫుల్ కెల్లీనా, హాఫ్ కెల్లీనా?

1956లో జాన్ కెల్లీ ఇచ్చిన సూత్రం ప్రకారం, గెలిస్తే వచ్చేదీ ఓడితే పోయేదీ సమానమైన ట్రేడ్‌లో మన డబ్బులోంచి పెట్టాల్సిన వాటా `f = 2p − 1`; ఇక్కడ p అంటే గెలుపు అవకాశం. అది 55% అనుకుంటే, సూత్రం చెప్పినంతా పెట్టే ఫుల్ కెల్లీ 10%, అందులో సగమే పెట్టే హాఫ్ కెల్లీ 5%.

అంచనా నిజమైతే ఫుల్‌దే పైచేయి: ట్రేడ్‌కు సగటు వృద్ధి సుమారు 0.50%, హాఫ్‌కు 0.375%. అంటే సగం సైజుతోనే ముప్పావు వంతు వృద్ధి దక్కుతుంది, ఎగుడుదిగుళ్ల టెన్షనూ సగమే.

అసలు తేడా అంచనా తప్పినప్పుడు తెలుస్తుంది. నిజమైన అవకాశం 52% అయితే సరైన వాటా 4% మాత్రమే. అప్పుడు 10% పెట్టినవారి డబ్బు ట్రేడ్‌కు సుమారు 0.10% చొప్పున కరుగుతుంది, గెలుపులే ఎక్కువైనా సరే! 5% పెట్టినవారిది 0.075% పెరుగుతూనే ఉంటుంది. వందో రెండొందలో పాత ట్రేడ్‌లు చూసి 52కీ 55కీ తేడా పట్టలేం, కాబట్టి నా ఓటు హాఫ్‌కే.