ఆకుల ఊపు: లెక్క కట్టాలా, రంగులో దాచాలా?

ఆటలో గాలికి చెట్టు ఊగాలంటే, దాన్ని తెరపై గీసే షేడర్ ప్రోగ్రామ్‌కు చెట్టు ఆకారంలోని ప్రతి మూల బిందువు, అంటే వర్టెక్స్ గురించి రెండు సంగతులు తెలియాలి. ఆ బిందువు ఎంత వంగాలన్నది ఒకటి, అదే వెయిట్. ఊపులో ఎంత ముందు వెనుకలుగా ఉండాలన్నది రెండోది, అదే ఫేజ్. ఈ రెండింటినీ బిందువు ఎత్తు నుంచి, స్థానం నుంచి అప్పటికప్పుడు లెక్క కట్టవచ్చు. లేదా ముందే ఒక్కో వర్టెక్స్‌తో పాటు నిల్వ ఉండే రంగు విలువలో, అంటే వర్టెక్స్ కలర్‌లో రాసిపెట్టుకోవచ్చు.

గడ్డి వరకు నా ఓటు లెక్కకే. గడ్డిపోచ మొదలు నేలలో, కొస పైన ఉంటుంది కాబట్టి ఎత్తే వెయిట్ అవుతుంది. పోచ మొదలు ఉన్న స్థానం నుంచి ఫేజ్ వస్తుంది. అక్కడ రంగులు పూయడం వృథా శ్రమ.

చెట్టు దగ్గర ఈ లెక్క తప్పుతుంది. కిందికి వాలిన కొమ్మ కొస, దాని మొదలు కన్నా తక్కువ ఎత్తులో ఉంటుంది. ఎత్తును నమ్ముకుంటే కొస బిగుసుకుపోయి మొదలు ఊగుతుంది. ఫేజ్‌ను ఒక్కో వర్టెక్స్ స్థానం నుంచి తీసినా ఇబ్బందే. మీటరుకు 10 రేడియన్ల చొప్పున ఫేజ్ మారితే, 20 సెంటీమీటర్ల ఆకు రెండు చివరల మధ్య 2 రేడియన్ల తేడా వస్తుంది. అప్పుడు ఆకు ఊగదు, రబ్బరులా సాగి ముడుచుకుంటుంది. ఒక ఆకు వర్టెక్స్‌లన్నింటికీ ఒకే ఫేజ్ ఉండాలంటే దాన్ని రాసిపెట్టక తప్పదు. 2007లో వచ్చిన క్రైసిస్ ఆటలోనూ ఇలాగే చేశారు: ఆకు అంచుల బిగువు ఎరుపులో, ఆకు ఫేజ్ పచ్చలో, మొత్తం ఆకు బిగువు నీలంలో. కాండం వంపును మాత్రం ఎత్తు నుంచే లెక్క కట్టారు.

అలాగని రంగు ఒక్కటే చాలదు. ఒకే చెట్టు ఆకారాన్ని, అంటే ఒకే మెష్‌ను వంద చోట్ల నాటితే వంద చెట్లూ కవాతు చేస్తున్నట్టు ఒకేసారి ఊగుతాయి. అందుకే చెట్టు లోపలి తేడాను రంగు నుంచి, చెట్టుకూ చెట్టుకూ మధ్య తేడాను చెట్టు నాటిన స్థానమైన objPos నుంచి తీసి కలుపుతాను:

```hlsl
float phase = dot(objPos.xz, float2(0.7, 0.9)) + color.g * 6.2832;
float s = sin(time * 2.0 + phase);
worldPos.xz += windDir * s * color.r * 0.06;
```

ఫేజ్‌ను కూడుతున్నాం, కాలంతో గుణించడం లేదన్నది గమనించండి. గుణిస్తే మొదట్లో బాగానే ఉంటుంది. తర్వాత ఆకుల మధ్య తేడా పెరుగుతూ పోయి, పొందిక లేని కదలికగా మారుతుంది.

ఒక్కో రంగుకు 8 బిట్లు సరిపోతాయా అన్న సందేహం చాలామందికి వస్తుంది. పై కోడ్‌లో గరిష్ఠ ఊపు 6 సెంటీమీటర్లు. దాన్ని 255 మెట్లుగా కోస్తే ఒక్కో మెట్టు పావు మిల్లీమీటరు కన్నా తక్కువ. నిజమైన ప్రమాదం వేరే చోట ఉంది, అది గామా, అంటే తెర కోసం రంగు విలువలను సమానంగా కాకుండా వంపుగా మార్చే లెక్క.

నేను ఒకసారి 2 మీటర్ల కొమ్మకు మొదట్లో 0, కొసన 1 వచ్చేలా ఎరుపు పూశాను. ఆటలో చూస్తే కొమ్మ సగం దాకా కర్రలా ఉండి కొస మాత్రమే ఆడుతోంది. ఎగుమతి, దిగుమతుల మధ్య ఎక్కడో ఆ విలువలను ఎస్‌ఆర్‌జీబీ రంగులుగా భావించి లీనియర్‌కు మార్చారు. దాంతో 0.5 కాస్తా 0.21 అయింది. కంటితో చూసి దీని కారణాన్ని పట్టుకోవడం కష్టం, ఎందుకంటే కొస ఊపు సరిగ్గానే ఉంటుంది. `step(0.5, color.r)` ఫలితాన్ని నేరుగా తెరపై వేస్తే తెలిసిపోతుంది. తెలుపు సరిగ్గా 1 మీటరు దగ్గర మొదలవ్వాలి. నాకు 1.47 మీటర్ల దగ్గర మొదలైంది. ఆల్ఫాకు ఈ మార్పు వర్తించదు కాబట్టి, అప్పటి నుంచి కీలకమైన వెయిట్‌ను అందులోనే పెడుతున్నాను.

మరో తప్పు తొడిమ దగ్గర జరుగుతుంది. కొమ్మ వెయిట్ 0.5 ఉన్న చోట ఆకు అతుక్కుని ఉంటే, ఆ ఆకులోని వర్టెక్స్‌లన్నింటికీ కొమ్మ వెయిట్ 0.5గానే ఉండాలి, కొమ్మ ఫేజ్ కూడా అదే కావాలి. ఆకు సొంత ఊపు వెయిట్ మాత్రం వేరే చానెల్‌లో తొడిమ దగ్గర 0తో మొదలవ్వాలి. రెండూ ఒకే చానెల్‌లో కలిపితే గాలి పెరిగిన కొద్దీ ఆకు కొమ్మను వదిలి తేలుతుంది.

రంగుకు ఉన్న అసలు బలహీనత, దూరం కోసం మెష్‌ను పలుచన చేసినప్పుడు బయటపడుతుంది. రెండు వర్టెక్స్‌లను ఒకటి చేసే పనిముట్టు వాటి రంగులను సగటు చేస్తుంది. వెయిట్‌కు అది ఫరవాలేదు. కానీ 0.1, 0.9 ఫేజ్‌లు చక్రంలో దగ్గరి పొరుగువి. వాటి సగటు 0.5 అంటే నేరుగా ఎదురు దిక్కు. పలుచన చేశాక దగ్గరి వర్టెక్స్ నుంచి ఫేజ్‌ను యథాతథంగా మళ్లీ దించుకోవాలి. మరీ దూరం కోసం చేసిన మెష్‌లో నేను ఆకు ఫేజ్‌ను తీసేసి, కాండం వంపు ఒక్కటే ఉంచుతాను.