ఏడేళ్లు వాడాక మా ఇస్త్రీ బల్ల గురించి

ఈ బల్ల కొన్న కొత్తలో అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ దీని గురించి గొప్పగా చెప్పాను. నేను నిలబడి ఇస్త్రీ చేస్తాను, మా ఆవిడ కుర్చీలో కూర్చుని చేస్తుంది. లివర్ నొక్కి ఒక్క చేత్తో ఎత్తు మార్చుకోవచ్చని నా సంబరం. ఆ లివర్ మీదే ఇప్పుడు నాకు కోపం.

ఐదో ఏడు దాటాక ఒకరోజు మా ఆవిడ పంచె ఇస్త్రీ చేస్తుంటే బల్ల ఒక్కసారిగా కిందికి జారి ఆమె మోకాళ్ల మీద పడింది. వేడి ఇస్త్రీ పెట్టె అటుపక్కకి ఒరిగి నేల మీద పడింది కాబట్టి సరిపోయింది. ఇటు పడి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. నేను నిలబడి చేసేటప్పుడు బల్ల ఊగేది గానీ ఎప్పుడూ జారలేదు. అందుకే “నువ్వు మరీ గట్టిగా నొక్కుతున్నావేమో” అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. తప్పు ఆమెది కాదు. ఎత్తు తగ్గించినప్పుడు కత్తెర కాళ్లు బాగా విడిపోతాయి. అదే బరువుకు అవి పక్కలకు ఇంకా గట్టిగా తన్నుకుంటాయి, ఆ తోపుడంతా ఎత్తుని పట్టి ఉంచే లాచ్ మీదే పడుతుంది. అరిగిన లాచ్ ముందు బయటపడేది కింది ఎత్తులోనే.

బల్ల తిరగేసి చూశాను. అడుగున రంపంలా పళ్లున్న పట్టీ ఉంది. కదిలే కాలికి పైన అడ్డంగా ఉన్న కడ్డీకి ఒక ఇనుప నాలుక ఉంది, స్ప్రింగ్ దాన్ని పళ్ల సందులోకి లాగి పట్టుకుంటుంది. నాలుక అంచు గుండ్రంగా అరిగిపోయింది. ఆకురాయితో ఆ అంచుని మళ్లీ చదునుగా రుద్దాను, సాగిపోయిన స్ప్రింగ్ తీసేసి అదే పొడవుది కొత్తది వేశాను. లివర్ వదిలితే టక్‌మని పడింది. అయిపోయిందనుకున్నాను.

రెండు నెలలకే మళ్లీ జారింది. ఈసారి నేను చేతులతో నొక్కి చూస్తున్నాను కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. నాలుక మళ్లీ అరిగింది, కానీ ఎడమ సగమే. కుడి సగం మీద నేను రుద్దిన ఆకురాయి గీతలు అలాగే ఉన్నాయి. అంటే నాలుక వంకరగా దిగుతోంది: ఒక కొస పంటి సందులో, ఇంకో కొస పంటి మొన మీద. ఎందుకని కాళ్లు పట్టుకుని ఊపితే తెలిసింది. కాళ్లు ఒకదాన్నొకటి దాటే చోట ఉన్న రివెట్లు రెండూ లూజు. పల్చటి గొట్టంలో రంధ్రం కోడిగుడ్డులా సాగింది. అక్కడ కాలు మెలి తిరిగితే పైన కడ్డీ కూడా ఏటవాలుగా వస్తుంది. నేను “కాస్త ఊగుతుందిలే” అని ఏళ్ల తరబడి వదిలేసిన ఆ ఊగుడే లాచ్‌ని తినేసింది.

రివెట్ తలల్ని డ్రిల్లుతో తొలిచి బయటికి కొట్టాను. రివెట్ 6 మిల్లీమీటర్లది, సాగిన రంధ్రంలో అదే సైజు బోల్టు వేస్తే మళ్లీ ఆడుతుంది. అందుకని రంధ్రాల్ని 8 మిల్లీమీటర్లకు గుండ్రంగా పెద్దవి చేసి, మధ్య భాగంలో మరలు లేని 8 బోల్టు వేశాను. మరలు రంధ్రంలో ఆడితే అవే ఆకురాయిలా తొలిచేస్తాయి. రెండు కాళ్ల మధ్య ప్లాస్టిక్ వాషర్, బయట ఇనుప వాషర్లు, చివర లోపల నైలాన్ రింగున్న నట్టు. గొట్టం కాబట్టి బిగుతు ఎక్కువైతే నొక్కుకుపోతుంది. పక్కలకు ఊగకుండా, మడిస్తే మాత్రం కాళ్లు నింపాదిగా కదిలేంత దగ్గర ఆపాను. రంధ్రం చుట్టూ పగులు కనిపించి ఉంటే ఈ పని మొదలుపెట్టేవాడినే కాదు. ఆ తర్వాతే నాలుకని రెండోసారి రుద్దాను.

ఏడాదిన్నర అయింది, జారలేదు. ఇప్పుడు ఎత్తు మార్చాక ఇస్త్రీ పెట్టె ఎక్కించే ముందు అరచేతులతో ఒకసారి నొక్కుతాం. ఒక్క చేత్తో మార్చడం కూడా మానేశాను: లివర్ పూర్తిగా నొక్కి, రెండో చేత్తో బల్ల బరువు మోస్తేనే నాలుక పళ్ల మీద గీసుకోదు. మేం రోజూ ఎత్తు మారుస్తాం. ఒకే ఎత్తులో ఉంచేవాళ్లకు ఇది ఇంకా చాలా ఏళ్లు ఇబ్బంది పెట్టకపోవచ్చు, వాళ్లకైతే కొనుక్కోమనే చెబుతాను. మా ఇంటికైతే రివెట్ల బదులు బోల్టులున్న బల్ల దొరికితే బావుండేది. నాలుకలో ఇంకోసారి రుద్దేంత ఇనుము మిగల్లేదు. ఈసారి అరిగితే నాలుక విడిగా దొరకాలి, లేదంటే బల్లే మార్చాలి.