ఇన్వాయిస్ బాకీకి లాయర్ నోటీసా, ఎంఎస్ఎంఈ కౌన్సిలా, ఎన్‌సీఎల్‌టీ నోటీసా: ఏది మేలు?

మా బావమరిదికి జీడిమెట్లలో చిన్న సీఎన్‌సీ యూనిట్ ఉంది, లెక్కలు నేనే చూస్తాను. 2023 జూన్ 10న పుణెలో ఒక కంపెనీకి మెషిన్డ్ పార్ట్స్ పంపాడు, 4 లక్షల సరుకు, 18 శాతం జీఎస్టీ 72 వేలు, మొత్తం 4,72,000. పర్చేజ్ ఆర్డర్లో 30 రోజుల క్రెడిట్ అని రాసుంది, అంటే జూలై 10కి డబ్బు రావాలి. రాలేదు. 2024 మార్చిలో ఒక లక్ష నెఫ్ట్ చేశారు, ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేశారు. మిగిలింది 3,72,000. అప్పుడు మావాడికి తలా ఒకటి చెప్పారు, ఒకరు లాయర్ నోటీసు కొట్టమని, ఒకరు చిన్న పరిశ్రమల బాకీలు తేల్చే ఎంఎస్ఎంఈ కౌన్సిల్ కి వెళ్ళమని, ఇంకొకరు కంపెనీల దివాలా కేసులు చూసే ట్రిబ్యునల్ ఎన్‌సీఎల్‌టీ పేరుతో నోటీసు పంపితే పరిగెత్తుకొస్తారని. ఈ మూడూ కూర్చుని చూస్తే దేనికి ఎక్కడ బలం ఉంది, ఎక్కడ లేదు అనేది నాకు అర్థమైనంత వరకు రాస్తున్నా.

ముందు ఎన్‌సీఎల్‌టీ సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే మాలాంటి వాళ్ళకి అది చాలాసార్లు వర్తించదు. దివాలా చట్టం సెక్షన్ 8 కింద డిమాండ్ నోటీసు పంపితే అవతలి కంపెనీకి 10 రోజులు టైమ్ ఉంటుంది, ఆ లోపు కట్టాలి లేదా వివాదం ఉందని చెప్పాలి, లేకపోతే మనం ట్రిబ్యునల్ కి వెళ్ళొచ్చు. కానీ 2020 మార్చి 24 నుంచి కనీస బాకీ ఒక కోటి చేశారు, అంతకుముందు లక్ష ఉండేది. మన 3.72 లక్షలకి ఆ నోటీసు పంపినా అది కాగితమే, అవతల ఉన్న లాయర్ కి ఆ విషయం వెంటనే తెలిసిపోతుంది. పైగా అది కంపెనీలకీ ఎల్‌ఎల్‌పీలకీ, మనకి బాకీ ఉన్నది ప్రొప్రైటర్ అయితే ఆ దారే లేదు. ఇంకొకటి, నోటీసు వెళ్ళకముందే క్వాలిటీ బాలేదు అని వాళ్ళు ఒక మెయిల్ పంపి ఉంటే, ఆ వివాదం నిజమైనదే అనిపించేలా ఉంటే చాలు కేసు అక్కడే ఆగిపోతుంది, సుప్రీంకోర్టు 2017లో మొబిలాక్స్ కేసులో చెప్పింది ఇదే. కోటికి పైన, గొడవలేమీ లేని బాకీ ఉన్న పెద్ద సప్లయర్ అయితే ఇది గట్టి ఆయుధం, మిగతా వాళ్ళు వదిలేయండి.

ఇక మామూలు లాయర్ నోటీసు, ఆ తర్వాత కోర్టు దావా. చాలామందికి తెలియని విషయం ఏంటంటే ప్రైవేట్ పార్టీ మీద డబ్బు దావా వేయడానికి ముందు నోటీసు పంపాలని చట్టంలో లేదు. ప్రభుత్వం మీద అయితే సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 80 కింద రెండు నెలల నోటీసు తప్పనిసరి, అది వేరు. మరి ఎందుకు పంపాలి అంటే వడ్డీ కోసం. మన పర్చేజ్ ఆర్డర్లో గానీ వాళ్ళు ఒప్పుకున్న కాగితంలో గానీ వడ్డీ మాట లేకపోతే, 1978 వడ్డీ చట్టం సెక్షన్ 3 ప్రకారం, కాగితంలో కట్టాల్సిన తేదీ కచ్చితంగా రాసుంటే ఆ తేదీ నుంచి, లేకపోతే వడ్డీ కావాలి అని రాతపూర్వకంగా నోటీసులో అడిగిన తేదీ నుంచి కోర్టు ఇవ్వగలదు. మీ ఇన్వాయిస్ కింద లేట్ అయితే 24 శాతం అని చిన్న అక్షరాల్లో ప్రింట్ చేసుకున్నంత మాత్రాన అది ఒప్పందం అయిపోదు, అవతలివాడు సంతకం పెట్టిన కాగితంలో ఉందా అని కోర్టు చూస్తుంది. అందుకే గడువు తేదీ రాసుకోని బాకీకి నోటీసు ఆలస్యం చేసిన ప్రతి నెలా మన వడ్డీ పోతున్నట్టే.

నోటీసులో ఏముండాలి అంటే, మొదట అవతలి వాళ్ళ సరైన పేరు, అంటే ఇన్వాయిస్ మీదా జీఎస్టీ నంబర్ మీదా ఉన్న పేరు, కంపెనీ అయితే రిజిస్టర్డ్ ఆఫీస్ అడ్రస్ కి ఒక కాపీ. మావాడి దగ్గర లాయర్ మొదట రాసిన డ్రాఫ్ట్ లో బోర్డు మీద ఉండే షార్ట్ పేరు రాశాడు, మేమే మార్పించాం. తర్వాత పర్చేజ్ ఆర్డర్ నంబర్ తేదీ, ఇన్వాయిస్ నంబర్ తేదీ, సరుకు ఎప్పుడు చేరింది, దానికి డెలివరీ చలాన్ మీద సంతకమో వాళ్ళ స్టోర్స్ ఇచ్చిన రసీదో ఏది ఉంది, గడువు తేదీ ఏది, ఎంత వచ్చింది, ఎంత మిగిలింది. ఇక్కడ సుమారు నాలుగు లక్షలు లాంటి మాటలు అస్సలు వద్దు, రూపాయి సహా రాయాలి, లెడ్జర్ తో సరిపోవాలి. ఆ తర్వాత వడ్డీ ఏ రేటు ఏ తేదీ నుంచి, ఎన్ని రోజుల్లో కట్టాలి (15 రోజులు అని రాయడం వాడుక, చట్టం పెట్టిన లెక్క కాదు), కట్టకపోతే ఏం చేస్తాం, బ్యాంకు వివరాలు. ఇంకో జాగ్రత్త, రెండు పీసులు రిజెక్ట్ అయినా మిగతావి బానే ఉన్నాయి కదా అన్నట్టు మనమే మన సరుకులో లోపం ఒప్పుకునే వాక్యం రాయకండి, తర్వాత అదే వాళ్ళ డిఫెన్స్ అవుతుంది. అక్నాలెడ్జ్‌మెంట్ తో పోస్ట్ చేయండి, తీసుకోకుండా తిప్పి పంపితే ఆ కవర్ చింపకుండా అలాగే దాచండి.

నోటీసు తర్వాత దావా అంటే ఇంకో మెట్టు ఉంది. 3 లక్షలు దాటిన వ్యాపార బాకీ కమర్షియల్ కోర్టు పరిధిలోకి వస్తుంది, అర్జెంటుగా ఇంజంక్షన్ లాంటిది అడగనప్పుడు ముందు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ దగ్గర మీడియేషన్ కి అప్లై చేయాల్సిందే, 2022లో పాటిల్ ఆటోమేషన్ కేసులో సుప్రీంకోర్టు ఇది తప్పనిసరి అంది. అది లేకుండా వేస్తే దావా కొట్టేస్తారు. మూడు నెలలు, ఇద్దరూ ఒప్పుకుంటే ఇంకో రెండు నెలలు, ఆ టైమ్ దావా వేయాల్సిన మూడేళ్ళ గడువు లెక్కలోంచి తీసేస్తారు కాబట్టి ఆ భయం లేదు. కోర్టు ఫీజు, లాయర్ ఫీజు, ఎవరి ఊళ్ళో కేసు అనే గొడవ మాత్రం ఉంటాయి.

మూడోది కౌన్సిల్. మీకు చిన్న పరిశ్రమలకి కేంద్రం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉండి మీరు మైక్రో లేదా స్మాల్ అయితే ఎంఎస్ఎంఈ చట్టం కింద ఫెసిలిటేషన్ కౌన్సిల్ కి ఆన్‌లైన్లో అప్లై చేయొచ్చు. సరుకు తయారు చేసేవాళ్ళకీ సర్వీసు ఇచ్చేవాళ్ళకీ పనిచేస్తుంది, కొని అమ్మే ట్రేడర్ కి ఉద్యమ్ ఉన్నా ఇది రాదు, ఎందుకంటే ట్రేడర్లకి ఆ రిజిస్ట్రేషన్ బ్యాంకు లోన్ల కోసం మాత్రమే ఇచ్చారు. రిజిస్ట్రేషన్ సప్లైకి ముందే ఉండాలి, తర్వాత తీసుకుంటే పాత బిల్లులకి పనికిరాదని 2021లో సిల్పి ఇండస్ట్రీస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, 2025లో మాత్రం అదే కోర్టు ఈ ప్రశ్నని పెద్ద బెంచ్ కి పంపింది. మావాడికి 2021 నుంచే ఉంది, బతికిపోయాడు.

దీని అసలు బలం వడ్డీ. ఒప్పందంలో ఏం రాసుకున్నా 45 రోజులు మించకూడదు, అసలు గడువే రాసుకోకపోతే 15 రోజులు, అది దాటితే ఆర్‌బీఐ బ్యాంక్ రేటుకి మూడింతలు, నెలనెలా చక్రవడ్డీ. 2023 జూలైలో బ్యాంక్ రేటు 6.75 శాతం, మూడింతలు 20.25, అంటే 4,72,000 మీద మొదటి నెలకే 7,965 రూపాయలు, ఏడాది మొత్తం అసలు కట్టకపోతే దాదాపు లక్షా ఐదు వేలు. వడ్డీ చట్టం కింద కోర్టు ఇచ్చేది బ్యాంకు డిపాజిట్ వడ్డీ చుట్టూ తిరుగుతుంది, పక్కపక్కన పెడితే తేడా మీకే కనిపిస్తుంది. రెండో బలం, సప్లయర్ ఉన్న చోటే కేసు, పుణె కంపెనీ అయినా మన కౌన్సిల్ ముందుకే రావాలి. మూడోది, కౌన్సిల్ అవార్డు ఇచ్చాక వాళ్ళు కోర్టులో సవాల్ చేయాలంటే ముందు 75 శాతం డిపాజిట్ చేయాలి. లోపం కూడా చెప్పాలి కదా, చట్టంలో 90 రోజులు అని ఉంది గానీ అంతలో తేలడం అరుదు, ముందు రాజీ ప్రయత్నం, అది కుదరకపోతే ఆర్బిట్రేషన్, ఓపిక కావాలి.

ఇప్పుడు అందరూ పొరపడే చోటు, కాలపరిమితి. సరుకు బాకీకి మూడేళ్ళు, కానీ ఎప్పటి నుంచి అనేది ముఖ్యం. క్రెడిట్ గడువు రాసుకుని ఉంటే ఆ గడువు తీరిన రోజు నుంచి, రాసుకోకపోతే డెలివరీ రోజు నుంచి, పని చేసిపెట్టిన సర్వీసు అయితే పని పూర్తయిన రోజు నుంచి. ఇన్వాయిస్ తేదీ నుంచో నోటీసు తేదీ నుంచో కాదు. మా కేసులో 2023 జూలై 10 నుంచి లెక్క, అంటే 2026 జూలై 10 తో ముగుస్తుంది. నోటీసు పంపితే మళ్ళీ మూడేళ్ళు వస్తాయి అనుకుంటారు, ఒక్క రోజు కూడా పెరగదు, పది నోటీసులు పంపినా అంతే.

పెరిగేది రెండు రకాలుగా. ఒకటి, గడువు ముగియకముందే అవతలివాళ్ళు బాకీ ఉంది అని సంతకంతో రాసిస్తే ఆ తేదీ నుంచి కొత్త మూడేళ్ళు. రెండు, గడువు లోపు కొంత డబ్బు కట్టి, ఆ కట్టిన సంగతి వాళ్ళ చేతిరాతలోనో సంతకంతోనో ఉంటే. మార్చిలో వచ్చిన లక్ష ఉంది కదా అని మావాడు ధీమాగా ఉన్నాడు, కానీ అది నెఫ్ట్, సంతకం లేదు, దాని మీద కోర్టులో వాదన నడుస్తుంది, ఒక్క దాని మీదే ఆధారపడొద్దన్నాను. అదృష్టం కొద్దీ 2025 ఏప్రిల్ 15న వాళ్ళ అకౌంట్స్ వాళ్ళు ఆడిట్ కోసం బ్యాలెన్స్ కన్ఫర్మేషన్ పంపారు, లెటర్‌హెడ్ మీద 3,72,000 ఇవ్వాలి అని సంతకం, స్టాంపు. ఆ ఒక్క కాగితంతో గడువు 2028 ఏప్రిల్ 15కి వెళ్ళింది. ఏటా ఏప్రిల్లో కస్టమర్లందరికీ బ్యాలెన్స్ లెటర్ పంపి సంతకం తెప్పించుకోండి, పది నిమిషాల పని. అదే కాగితం 2026 జూలై 10 తర్వాత వస్తే గడువు పెరగదు, కడతాం అని స్పష్టమైన వాగ్దానం రాసి సంతకం పెడితేనే ఏదో ఆశ ఉంటుంది.

కాబట్టి నా లెక్క ఇది. ఉద్యమ్ ఉన్న తయారీ, సర్వీసు వాళ్ళకి కౌన్సిల్ మేలు, కాకపోతే మూడేళ్ళ లోపే వెళ్ళండి, ఎందుకంటే కౌన్సిల్ ఆర్బిట్రేషన్ కి కూడా కాలపరిమితి వర్తిస్తుందని పైన చెప్పిన 2021 తీర్పులోనే ఉంది. ట్రేడర్ కి, ఉద్యమ్ లేనివాళ్ళకి లాయర్ నోటీసు, మీడియేషన్, దావా ఇదే వరస, నోటీసు మాత్రం బాకీ పడ్డ నెలలోనే వెళ్ళాలి. మావాడు ముందు లాయర్ నోటీసు పంపి, జవాబు రాకపోతే నెల తర్వాత కౌన్సిల్ లో వేశాడు, అందులో పర్చేజ్ ఆర్డర్, ఇన్వాయిస్, సంతకం ఉన్న చలాన్, ఆ బ్యాలెన్స్ లెటర్ నాలుగూ జత చేశాం.